మార్జిన్ ఒక్కటే చూడకండి

చిప్స్ కంపెనీ వాళ్లు ఏజెన్సీ ఇస్తామని వస్తే ముందు మార్జిన్ గురించే చెబుతారు. ఐదు రూపాయల ప్యాకెట్లు 12 ఉన్న దండ మీకు 48కి పడి, కొట్టుకు 51కి వేశారనుకోండి. వెయ్యి దండలకు మిగిలేది 3,000. కంపెనీకి 48,000 ముందే కట్టాలి, కొట్లవాళ్లేమో మూడు వారాలకు గానీ ఇవ్వరు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే దాదాపు 670 అందులోనే పోతుంది. ఆటో కిరాయి వేరే.

కంపెనీ దండకు పావలా తగ్గిస్తే కలిసొచ్చేది 250. పదిహేను రోజుల అరువిస్తే 480. బేరం అరువు దగ్గరే ఆడండి.

సరుకు దించేటప్పుడు అట్టపెట్టె మీద ప్యాకింగ్ తేదీ చూడండి. నాలుగు నెలల గడువున్న సరుకు రెండు నెలలు కంపెనీ గోడౌన్‌లోనే ఉండిపోతే కొట్లవాళ్లు ముట్టరు. గడువు తీరినవి, ఎలుకలు కొరికినవి ఎవరి ఖాతాలో పడతాయో ముందే రాయించుకోండి.