ముడత చూడగానే మిరప మొక్క పీకొద్దు

పటాన్‌చెరు పక్కన ఆకు ముడిస్తే కొందరం ఫ్యాక్టరీ పొగ అంటాం, కొందరం వైరస్ అని మొక్క పీకేస్తాం. ముందు ఆకు చూద్దాం.

ఆకు దోనెలా పైకి ముడిస్తే తామర పురుగు. చిగురును తెల్ల కాగితంపై తడితే సన్నని పురుగులు కదులుతాయి. ఆకు కిందికి ముడిచి, కాడ సాగితే నల్లి. దానికి లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొడతాం.

వైరస్‌లోనూ ఆకు పైకే ముడుస్తుంది. కానీ ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కి, మొక్క గిడసబారుతుంది.

అనుమానముంటే పురుగుకు మందు కొట్టి పది రోజులు ఆగుదాం. కొత్త చిగురు సాఫుగా వస్తే మొక్కను ఉంచుదాం. అదీ ముడిస్తే చాలావరకు వైరసే, దానికి మందు లేదు. పూతకు ముందు, అక్కడక్కడే ఉంటే, తెల్లదోమను అణచి, మొక్కను పీకి పూడ్చేద్దాం. కాపు పట్టాక తోటంతా పాకితే పీకినా లాభం లేదు.