బేరానికి వెళ్ళే ముందు ఒక కాగితం

కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి చేసే ఒక చిన్న కుటుంబాన్ని ఊహించుకోండి. వేరుశనగ గింజలు, బెల్లంపాకం కలిపి చేసే ఈ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబమే అనుకుందాం. నెలకు వెయ్యి కిలోల గింజలు కావాలి. విరుదునగర్ వర్తకుడు ఇంటికి చేర్చి కిలో 123 రూపాయలంటున్నాడు, నెల గడువు ఇస్తానంటున్నాడు. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. బస్సెక్కేముందు ఈ భార్యాభర్తలు ఒక కాగితం మీద ఏం రాసుకోవాలో చూద్దాం.

మొదట లక్ష్యం. "తక్కువకు కొనాలి" అని రాస్తే అది లక్ష్యం కాదు. "119 రూపాయలకు, దీపావళి దాకా ప్రతినెలా" అని రాయాలి. దీనికి ఒక్క వాక్యం చాలు.

రెండవది, ఆ ధర వెనుక ఉన్న అసలు అవసరం. మీకు కావలసింది ఒకే పరిమాణంలో ఉన్న, బాగా ఎండిన గింజ. చిన్నదీ పెద్దదీ కలిసి ఉంటే, పెద్దది వేగేలోగా చిన్నది మాడుతుంది. వర్తకుడికి కావలసింది వేరు. సరుకు క్రమంగా కదలాలి, డబ్బు త్వరగా తిరిగి రావాలి. ఆయన అవసరాన్ని కూడా మీ కాగితం మీదే రాయండి. దానితో పని ఉంది.

మూడవది ప్రత్యామ్నాయం. ఇక్కడ కాస్త నిలబడదాం. బేరం కుదరకపోతే మనం చేయగల మేలైన పని ఏమిటో ముందే తేల్చుకోవాలని అమెరికాలో రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో వెలువడిన 'గెటింగ్ టు యెస్' అనే పుస్తకంలో చెప్పారు. మన కుటుంబానికి అరుప్పుక్కోట్టైలో మరో వర్తకుడున్నాడు. ఆయన ధర 118, గడువు అక్కడా నెలే. బండి కూలి కిలోకు రూపాయిన్నర మనదే. మొత్తం 119 రూపాయల 50 పైసలు. అంతకు మించితే విరుదునగర్ నుంచి లేచి రావడమేనని అనిపిస్తుంది. కానీ ఆ సరుకులో నూటికి నాలుగు కిలోలు ఏరి పారేయాల్సి వస్తుందనుకోండి. పనికొచ్చే కిలో అప్పుడు దాదాపు 124 రూపాయల 50 పైసలు పడుతుంది. విరుదునగర్ సరుకులో రెండే కిలోలు పోతే, అక్కడ 122 ఇచ్చినా దాదాపు అంతే పడుతుంది. అంటే మీ అసలు హద్దు 122. ఏరివేత లెక్క వేయనివారు 121కి దొరికే మంచి సరుకును కాదని వస్తారు. ఈ లెక్క ఊహతో కుదరదు. రెండుచోట్లా నమూనా తెచ్చి, ఏరి, తూచి చూడాలి.

ఆ 122 అంకెను మాత్రం ఇంట్లోనే ఉంచండి. దుకాణంలో "ఏమండీ, 122 దాకా పోదామా?" అని తెలుగులో గుసగుసలాడితే రహస్యం దాగదు. మన ప్రాంతంలో తెలుగు అర్థమయ్యే వర్తకులు చాలామందే ఉన్నారు!

నాలుగవది, ఏది వదులుకోగలం, దేనికి బదులుగా. నెల గడువు మాని వారంలో డబ్బిస్తామనవచ్చు. వర్తకుడు రూపాయి వడ్డీకి అప్పు తెచ్చి వ్యాపారం చేస్తున్నాడనుకుంటే, ఆ 23 రోజులు ఆయనకు కిలోకు సుమారు 90 పైసలు మిగులుస్తాయి. కాబట్టి ఇలా అడగండి: "అణ్ణాచ్చీ, వారంలోగా డబ్బు ఇస్తే కిలోకు రూపాయి తగ్గిస్తారా?" 'ఇస్తే' అన్న మాట ముఖ్యం. ముందే ఇస్తామని చెప్పేసి, తరవాత తగ్గించమంటే ఆయన ఎందుకు తగ్గించాలి? అయితే ఆ డబ్బు మీ చేతిలో ఉన్నదై ఉండాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇస్తే మీకు రూపాయీ ఎనభై పైసలకు పైగా ఖర్చు. రూపాయి తగ్గింపు కోసం అది నష్టమే.

అయిదవది, ఏ మాట ముందు, ఏ మాట వెనుక. ధరను చివర పెట్టమంటాను. ధర ముందే తేలితే ఆ ధరకు సరిపడేలా గింజ నాణ్యత దిగజారే అవకాశం ఉంది. మొదట నాణ్యత మాట్లాడండి. నమూనా మూట పైనుంచి కాదు, నడుమ నుంచి తీయాలి. తరవాత తూకం, గోనెసంచి బరువు ఎవరి లెక్కలో పోతుందన్నది. ఆపైన చెల్లింపు గడువు, అటుపైన ధర.

దుకాణానికి తీసుకువెళ్ళేది ఈ వరుస ఉన్న కాగితం మాత్రమే. దాని అడుగున నాలుగు ఖాళీ గీతలు వదలండి: నాణ్యత, తూకం, గడువు, ధర. కుదిరినవి అక్కడే రాసి, తేదీ వేసి, ఒక నకలు అణ్ణాచ్చికి ఇచ్చి రండి.