కాగితం మచ్చ, మనిషి మచ్చ



ఇంట్లో పెద్దాయన కాలం చేస్తారు. సంవత్సరీకం దగ్గర పడుతుంది. గోడకు పెట్టుకుందామంటే మంచి పటం ఒక్కటి ఉండదు. బీరువాలు, ట్రంకు పెట్టెలు వెతగ్గా వెతగ్గా పాత లైసెన్సు పుస్తకంలో అంటించిన, వేలెడంత లేని పాస్‌పోర్టు ఫోటో ఒకటి దొరుకుతుంది. అదీ వెలిసిపోయి, మడతపడి ఉంటుంది. ఇదివరకైతే స్టూడియోలో ఆర్టిస్టు చేత కుంచెతో దిద్దించేవారు. ఈ రోజుల్లో పిల్లలు ఆ ఫోటోను బొమ్మలు గీసే కృత్రిమ మేధ యంత్రానికిచ్చి, నాలుగు మాటల పురమాయింపు రాసి, పెద్ద పటం తెప్పిస్తున్నారు. ఆ పురమాయింపునే ప్రాంప్ట్ అంటున్నారు. అది ఎలా రాస్తే వచ్చే పటంలో మన తాత ఉంటాడు, ఎలా రాస్తే ఇంకెవరో వచ్చి కూర్చుంటారు అన్నదే ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. చిన్న ఫోటోలో లేని వివరం యంత్రానికి ఎక్కడినుంచీ రాదు. అది లక్షలాది ముఖాలను చూసి నేర్చుకున్నది కాబట్టి, లేనిచోట ఆ ముఖాల్లోనుంచి ఒకటి తెచ్చి అతుకుతుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పల్స్ అనే సాధనాన్ని తయారుచేశారు. బాగా మసకైన ముఖాన్ని ఇస్తే స్పష్టమైన ముఖాన్ని చూపిస్తుంది. అందులో ఎవరో బరాక్ ఒబామా ఫోటోను మసకచేసి పెడితే, తెల్లజాతి మనిషి ఒకాయన బయటికి వచ్చాడు. దేశాధ్యక్షుడిగా పనిచేసిన మనిషి ముఖానికే ఈ గతి పట్టింది. మన మార్కెట్ యార్డులో తూకం వేసిన తాత ముఖం దానికేం తెలుస్తుంది?

బళ్ళారి జిల్లాలో నేనెరిగిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇంట్లో మాట తెలుగు, పిల్లల చదువు కన్నడం. తాతగారు 2023లో పోయారు. దొరికింది 1986 నాటి తూకందారు లైసెన్సు మీది నలుపు తెలుపు ఫోటో. వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు, ఎత్తు నాలుగున్నర. మనవడు సెల్‌ఫోనులో ఫోటోకు ఫోటో తీసి, "మా తాతగారి పాత ఫోటోను అందంగా, స్పష్టంగా, పెద్దగా చెయ్యి" అని రాశాడు. నిమిషంలో పటం వచ్చింది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. అవ్వకు చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎవర్రా ఈయప్ప? మీ తాత కాదు గదరా" అంది.

అవ్వ అన్నది నిజమే. "అందంగా" అన్న ఒక్క మాటకు యంత్రం చెంపలు నింపింది, రంగు తేల్చింది, పెదవుల మీద చిరునవ్వు పెట్టింది. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. పెద్దాయనకు చిన్నతనంలో ఎద్దు కొమ్ము తగిలి ఎడమ కనుబొమ మధ్యన సన్నని సందు పడింది. ఫోటోలో సరిగ్గా దాని పక్కగానే నుదుటి మీదినుంచి చెంప దాకా కాగితం మడత గీత దిగింది. యంత్రానికి రెండూ తెల్లని గీతలే. మడతను పూడ్చినట్టే కనుబొమనూ పూడ్చేసింది. అరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ సందు లేని ముఖాన్ని ఎలా గుర్తుపడుతుంది?

కాబట్టి పురమాయింపు రాయకముందే చెయ్యవలసిన పని ఒకటుంది. ఏది కాగితానికి పడిన మచ్చ, ఏది మనిషికి ఉన్న మచ్చ అని వేరు చెయ్యాలి. ఇది యంత్రం వల్ల కాదు, ఇంట్లోవాళ్ళ వల్లనే అవుతుంది. ఆ ఇంట్లో అవ్వను, తాతగారి తమ్ముణ్ణి, యార్డులో ఆయనతో పనిచేసిన ఒక పెద్దమనిషిని విడివిడిగా అడిగించాను. విడివిడిగా ఎందుకంటే, అందరూ కలిసి కూర్చుంటే మొదట మాట్లాడినవాళ్ళ జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. కాగితం మచ్చల కింద మడత గీత, భుజం మీద రబ్బరు ముద్ర సిరా, పైన పిన్ను తుప్పు, మొత్తం మీద పసుపుదనం తేలాయి. మనిషి గుర్తుల కింద కనుబొమ సందు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, ఒకవైపు పలచగా ఉన్న మీసం, ఒకప్పుడు పోగులు పెట్టుకున్న చెవి రంధ్రాలు వచ్చాయి.

తర్వాత ఫోటోను సరిగా ఎక్కించుకోవాలి. లైసెన్సు మీదినుంచి పీకే ప్రయత్నం చెయ్యకండి, పాత బంక కాగితం పైపొరను లాగేస్తుంది. పుస్తకంతో సహా స్కానరు మీద పెట్టి, అంగుళానికి 1200 చుక్కల లెక్కన తీయించండి. అంత చిన్న ఫోటో నుంచి అడ్డంగా సుమారు 1650 చుక్కలు వస్తాయి. స్కానరు దొరక్కపోతే కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపకండి, దారిలోనే కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. లైసెన్సు మీది నంబరు, చిరునామా కత్తిరించి ముఖం వరకే ఇవ్వండి. మనం ఇచ్చేది ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకు వెళుతుందని మరిచిపోకూడదు.

ఇక పురమాయింపు. తెలుగులో రాసినా అర్థం చేసుకునే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. ఆ ఇంటికోసం రాసింది మెల్లగా చదువుతాను, కావలసినవాళ్ళు రాసుకోండి.

"ఇది 1986 నాటి నలుపు తెలుపు ఫోటో. ఇందులోని పెద్దాయన కాలం చేశారు. ఇంట్లో గోడకు పెట్టుకునే జ్ఞాపక చిత్రం కోసం ఈ ఫోటోనే బాగుచెయ్యాలి. కళ్ళు, ముక్కు, పెదవులు, దవడ, చెవుల ఆకారం, వాటి మధ్య దూరం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వయసు, ముడతలు, చర్మపు ఛాయ ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. పెదవులు మూసి ఉన్నాయి, చూపు గంభీరంగా ఉంది. తల మీద ఏమీ లేదు, జుట్టు వెనక్కి దువ్వి ఉంది. తీసివెయ్యవలసినవి ఇవి: ఫోటో చూసేవారికి కుడివైపు నుదుటినుంచి చెంప వరకు ఉన్న మడత గీత, ఎడమ భుజం మీది ముద్ర సిరా, పై అంచున తుప్పు మరక, కాగితపు పసుపుదనం. ఉంచవలసినవి ఇవి: కుడివైపు కనుబొమ మధ్యనున్న సందు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, ఎడమవైపు పలచని మీసం, చెవి రంధ్రాలు. మసకగా ఉండి తెలియని చోటు మసకగానే ఉండాలి. చిత్రం నలుపు తెలుపులోనే, వెనక బూడిదరంగు తెరతో ఉండాలి."

ఇందులో రెండు మూడు సంగతులు గమనించండి. పెద్దాయన ఎడమ కనుబొమ చూసే మనకు కుడివైపు ఉంటుంది. అందుకే "చూసేవారికి" అని ఒకసారి చెప్పి, ఆ లెక్క చివరిదాకా మార్చలేదు. రెండోది, "తలపాగా వద్దు" అని రాయలేదు. బొమ్మలు గీసే యంత్రాలు "వద్దు" అనే మాటను కొన్నిసార్లు జారవిడిచి, "తలపాగా"ను మాత్రం పట్టుకుంటాయి. అసలే వాటికి భారతీయుడంటే తలపాగా మీద మోజు. 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రిక మిడ్‌జర్నీ అనే యంత్రాన్ని "భారతీయ వ్యక్తి" బొమ్మలు నూరు గియ్యమంటే, వచ్చినవాళ్ళు దాదాపు అందరూ గడ్డం ముసలివాళ్ళే, ఎక్కువమందికి తలపాగాలు. కాబట్టి ఏముందో అది చెప్పడమే మేలు.

రుమాలు మాట కూడా వచ్చింది. తాతగారు బయటికి ఎప్పుడు వెళ్ళినా రుమాలు చుట్టుకునే వెళ్ళేవారు, ఫోటో తీసినవాడు తీయించేశాడు, పటంలో పెట్టించమని పెద్దకూతురు పట్టుబట్టింది. మన వైపు రుమాలంటే తలకు చుట్టేది, కోస్తా తెలుగులో చేతిగుడ్డ. యంత్రం ఏ తెలుగు నేర్చుకుందో ఎవరికి తెలుసు? రాయక తప్పకపోతే "తలకు చుట్టుకున్న తెల్లని నూలు గుడ్డ" అని రాయాలి. అయినా నేను వద్దన్నాను. ఆయన చుట్టు ఎలా ఉండేదో చూపే ఫోటో లేదు. పైగా చుట్టు నుదుటిని కప్పితే, అక్కడినుంచి ముఖాన్ని యంత్రం తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుంది. రంగులు వెయ్యడమూ, ఎనభై ఏళ్ళ ముసలివాణ్ణి చెయ్యడమూ ఇలాంటివే. యాభై ఏళ్ళ ముఖం సాక్ష్యంగా ఉన్నప్పుడు ఆ యాభై ఏళ్ళ మనిషే గోడ మీద ఉండటం మర్యాద.

మొదటిసారే సరైన పటం రాదు. ఈసారి కనుబొమ సందు నిలిచింది గాని మీసం రెండువైపులా సమానమైంది. అప్పుడు చాలామంది వచ్చిన పటాన్నే మళ్ళీ ఇచ్చి మీసం దిద్దమంటారు. అలా చెయ్యకూడదు. దిద్దిన ప్రతిసారీ ముఖం కాస్త జరుగుతుంది, నాలుగైదు సార్లకు మనిషే మారిపోతాడు. ప్రతిసారీ మొదటి స్కానునే ఇచ్చి, పురమాయింపులో ఒక్క మాట మాత్రం మార్చాలి. ఇక్కడ "పలచని మీసం" అన్నదాన్ని "ఎడమవైపు మీసం కుడివైపుకన్నా సగం ఒత్తు" అని మార్చారు. మూడోసారికి కుదిరింది.

కుదిరిందని తెలియడానికి పరీక్షలు రెండు. కొత్త పటాన్ని పాత ఫోటో అంత చిన్నదిగా అచ్చువేయించి పక్కపక్కన పెట్టండి. కళ్ళ మధ్య దూరం, చెవుల ఎత్తు, దవడ గీత తేడా కనిపిస్తే ఆ పటం పనికిరాదు. తేడా లేకపోయినంత మాత్రాన నిజమని మాత్రం అనుకోవద్దు. పల్స్ చూపిన తెల్లాయన ముఖాన్ని తిరిగి మసకచేస్తే ఒబామా మసక ఫోటోతోనే సరిపోతుంది. ఆ సాధనం చేసే పనే అది. అంటే ఒకే మసకకు ఎన్నో ముఖాలు సరిపోతాయి. అందుకే రెండో పరీక్ష మనుషులతో. ఎవరిదో చెప్పకుండా, ఆయన్ను బాగా ఎరిగినవాళ్ళకు పటం చూపించి ఊరుకోవాలి. "తాత లాగా ఉందా?" అని అడిగితే మొహమాటానికి ఔనంటారు. అవ్వకు అలాగే చూపించారు. ఈసారి ఆమె ఏమీ అనలేదు. కొంగుతో పటం తుడిచి, కనుబొమ దగ్గర వేలు పెట్టి, "ఆ ఎద్దును మర్నాడే అమ్మేశారు" అంది.

ఆ పటాన్ని ఎనిమిది అంగుళాలకు పదిగా వేయించారు. స్టూడియో అతను ఇంకా పెద్దది వేస్తానన్నాడు గాని, అంత చిన్న ఫోటోకు ఆ పైన పెరిగేదంతా యంత్రం కల్పనే. దండ పటంలో గీయించలేదు, ఫ్రేముకు పూలదండే వేశారు. ఫ్రేము వెనక అట్ట మీద మనవడు తెలుగులోను, కన్నడంలోను రాశాడు: 1986 ఫోటోనుంచి యంత్రంతో బాగుచేయించినది, భుజాలు, వెనక తెర యంత్రం పూరించినవి, అసలు ఫోటో లైసెన్సు పుస్తకంలోనే ఉంది అని.