తడి జుట్టు అబద్ధం చెబుతుంది: వంకీలు, ఉంగరాలు, స్ప్రింగులు... దేనికి ఏ కట్?

ఈ రోజు నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి వచ్చింది. ఉంగరాల జుట్టు, వీపు మధ్య దాకా ఉంది. నాలుగు రోజుల్లో నిశ్చితార్థం. "అక్కా, భుజాల దాకా ఉంచి కట్ చెయ్యండి చాలు" అంది. నేను నేర్చుకున్నట్టే చేశాను. తల కడిగాను, తడి జుట్టుని దువ్వెనతో సాఫుగా కిందికి దువ్వాను, సరిగ్గా భుజం దగ్గర గీత గీసినట్టు కత్తిరించాను. అద్దంలో చూసి తనూ నవ్వింది.

తర్వాత జుట్టు ఆరడం మొదలైంది. ఆరేకొద్దీ పైకి లేస్తూనే ఉంది. చివరికి మెడ మధ్యలో ఆగింది. పైన అణిగిపోయి, కింద గొడుగులా విచ్చుకుంది. "అక్కా, నేను అడిగింది ఇది కాదు కదా" అంది. నా దగ్గర సమాధానం లేదు. నిశ్చితార్థానికి ఆ అమ్మాయి సవరం పెట్టుకుంది.

నా కత్తెర తప్పలేదు. గీత కూడా వంకర పోలేదు. నేను తడి జుట్టుని నమ్మాను, అదే తప్పు. ఎందుకో చూద్దాం.

వెంట్రుక లోపల చిన్న చిన్న బంధాలు ఉంటాయి. వాటిలో కొన్ని నీళ్లు తగలగానే విడిపోతాయి, ఆరగానే మళ్లీ కలుస్తాయి. పైగా నీళ్ల బరువు జుట్టుని కిందికి లాగుతుంది. అందుకే తడిగా ఉన్నప్పుడు రింగులు సాగి పొడవుగా కనిపిస్తాయి. ఆరాక తమ ఆకారంలోకి తిరిగి వెళ్లిపోతాయి. దీన్నే మేము ష్రింకేజ్ అంటాం. జుట్టు ఎంత మెలి తిరిగి ఉంటే అంత ఎక్కువగా పైకి లేస్తుంది. కటింగ్‌కి సంబంధించి జుట్టు రకం తెలుసుకోవడం అంటే ముందుగా ఇదే తెలుసుకోవడం: నాది ఆరాక ఎంత పైకి వెళ్తుంది?

ఇన్‌స్టాలో 2బీ, 3ఏ, 4సీ అని చూస్తుంటారు కదా. ఈ నంబర్ల పద్ధతి 1990ల్లో ఆండ్రే వాకర్ అనే హెయిర్ స్టైలిస్ట్ వల్ల జనంలోకి వచ్చింది. ఓప్రా విన్‌ఫ్రేకి జుట్టు చేసింది ఆయనే. 1 అంటే సాఫు జుట్టు, 2 అంటే వంకీలు, 3 అంటే ఉంగరాలు, 4 అంటే సన్న స్ప్రింగులు. పక్కన ఉండే ఏ, బీ, సీ అక్షరాలు మెలిక ఎంత బిగువుగా ఉందో చెబుతాయి. అక్షరం గురించి ఎక్కువ బుర్ర పాడు చేసుకోకండి. ఒకే తలలో రెండు మూడు రకాలు ఉండటం మామూలే. నడినెత్తిన ఒకలా, మెడ వెనక ఇంకోలా ఉంటుంది.

మన అమ్మాయిల్లో చాలామందికి తమ జుట్టు రకమే తెలియదు. చిన్నప్పటి నుంచి నూనె రాసి, బిగించి జడ వేసుకుంటాం కదా, అసలు ఆకారం ఎప్పుడూ బయటికి రాదు. జడ విప్పాక కనిపించే వంకీ జడదే కావచ్చు, మీది కాకపోవచ్చు. అందుకే ఒకసారి ఇలా చేయండి. షాంపూ, కండిషనర్‌తో తల కడగండి. నూనె, జెల్ ఏమీ వద్దు. తువ్వాలుతో రుద్దకుండా నీళ్లు వత్తేయండి. దువ్వకుండా, ముట్టుకోకుండా ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఎవరితోనైనా ఫోటో తీయించండి. అదీ మీ జుట్టు.

ఆ ఫోటోలో ఏం కనిపిస్తే ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను.

మొదటిది వంకీల జుట్టు, అంటే నొక్కుల జుట్టు. కుదుళ్ల దగ్గర దాదాపు సాఫుగా ఉండి, చెవుల స్థాయి నుంచి ఎస్ అక్షరంలా వంపులు మొదలవుతాయి. ఇది ఆరాక కొంచెమే పైకి వెళ్తుంది. కాబట్టి తడిగా కట్ చేసినా పెద్ద ప్రమాదం లేదు. చివర్లో ఆరబెట్టి ఒకసారి సరిచూస్తే చాలు. దీని సమస్య వేరే. వంపు బలంగా ఉండదు కాబట్టి జుట్టు బరువుకే సాగిపోతుంది. మరీ పొడవుగా, ఒకే లెవెల్‌లో ఉంటే పైన అణిగిపోయి సాఫు జుట్టులా కనిపిస్తుంది. అందుకని పొడవాటి లేయర్లు కొన్ని వేయించుకుంటే వంపు లేస్తుంది. కానీ లేయర్లు మరీ పొట్టిగా వేసినా, పళ్ల కత్తెరతో ఎక్కువగా పలచన చేసినా చివర్లు పీచులా తయారవుతాయి. "ఒత్తుగా ఉంది, కొంచెం థిన్నింగ్ చేస్తాను" అని సెలూన్‌లో అంటే, వంకీల జుట్టు వాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.

రెండోది ఉంగరాల జుట్టు. పూర్తి రింగులు తిరుగుతాయి. కొందరికి మార్కర్ పెన్ను అంత లావు రింగు, కొందరికి పెన్సిల్ అంత సన్న రింగు. నేను తప్పు చేసింది ఇక్కడే. అందుకే దీని లెక్క వివరంగా చూద్దాం.

చెవి వెనక నుంచి ఒక సన్న పాయ తీసుకోండి. తడిగా ఉన్నప్పుడు సాగదీసి కుదురు నుంచి చివరి దాకా టేపుతో కొలవండి. 16 ఇంచులు వచ్చిందనుకుందాం. దాన్ని ముట్టుకోకుండా ఆరనివ్వండి. ఆరాక లాగకుండా మళ్లీ కొలవండి. 12 వచ్చింది. అంటే నాలుగు వంతుల్లో మూడు వంతులే మిగిలింది. ఇప్పుడు చెవి వెనక కుదురు నుంచి భుజం దాకా దూరం 8 ఇంచులు అనుకుందాం. నేను తడి జుట్టుని 8 దగ్గర కత్తిరించాను. ఆరాక అది 6 అవుతుంది. భుజానికి 2 ఇంచులు పైన! పొడవు తగ్గాక బరువు కూడా తగ్గింది కాబట్టి రింగులు ఇంకాస్త బిగిశాయి. మెడ మధ్యకి వెళ్లింది అందుకే.

మరి ఎంత ఉంచాల్సింది? ఆరాక 8 కావాలంటే తడిగా దాదాపు 11 ఉంచాలి. బరువు తగ్గే లెక్క కూడా ఉంది కాబట్టి ఇంకో ఇంచు అదనంగా వదిలేసి, ఆరాక మిగతాది చూసి తీయాలి. ఇదంతా ఒక్క పాయ లెక్కే. నడినెత్తిన ఇంకో లెక్క వస్తుంది, మెడ దగ్గర మరోటి. అందుకే ఉంగరాల జుట్టుని నేను ఇప్పుడు పొడిగానే కట్ చేస్తాను. రింగు ఎక్కడ కూర్చుందో కళ్ల ముందే ఉంటుంది, లెక్కతో పనే లేదు. ఒక్కో రింగునీ లాగకుండా వేళ్ల మధ్య పట్టుకుని, అది వంపు తిరిగే చోట కత్తిరిస్తాను. అలా చేస్తే చివర ఆ వంపులోనే కలిసిపోతుంది.

ఆ గొడుగు ఆకారం ఎందుకు వచ్చిందంటే, రింగులన్నీ ఒకే పొడవుంటే కిందున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడి పక్కలకి తోసుకుంటాయి. పైన మాత్రం బరువుకి అణిగి ఉంటుంది. లేయర్లు వేస్తే పై రింగులు పైన, కింది రింగులు కింద సర్దుకుంటాయి. కాబట్టి ఉంగరాల జుట్టుకి లేయర్లు స్టైల్ కోసమే కాదు, ఆకారం నిలవాలంటే కావాలి. నుదుటి మీద ఫ్రింజ్ కావాలంటే మాత్రం తడిగా అస్సలు వద్దు. తడిగా కనుబొమ్మల దాకా కట్ చేస్తే ఆరాక నుదుటి మధ్యకి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ దాచడానికి సవరం కూడా దొరకదు.

మూడోది సన్న స్ప్రింగుల జుట్టు, 4 నంబరు. పెన్ను లోపల ఉండే స్ప్రింగు అంత సన్నగా, కొందరికి జెడ్ అక్షరంలా మడతలు మడతలుగా ఉంటుంది. ఇది ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో కనిపిస్తుంది. మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే ఏరియా పేరు నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. వాళ్ల వారసులు ఇప్పటికీ నగరంలో ఉన్నారు. చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. వాళ్లలో ఎవరైనా సెలూన్‌కి వస్తే మాలో చాలామందికి ఏం చేయాలో తెలియదు, అది నిజం.

ఈ జుట్టు ఆరాక సగానికి పైగా పైకి వెళ్లొచ్చు. కొందరికి నాలుగు వంతుల్లో ఒక వంతే కనిపిస్తుంది. అంటే 12 ఇంచుల జుట్టు 3 ఇంచుల్లా కనబడొచ్చు. ఇక్కడ తడి కొలతకి అర్థమే లేదు. ముందు ఒక ప్రశ్న అడగాలి: "మీరు జుట్టు మామూలుగా ఎలా ఉంచుకుంటారు?" గుండ్రంగా, సహజంగా వదిలేస్తారంటే, అలా పొడిగా ఉన్నప్పుడే చుట్టూ తిరిగి చూస్తూ, చెట్టుని గుండ్రంగా కత్తిరించినట్టు ఆకారం తీయాలి. సాగదీసి వేసుకుంటారంటే, మెల్లగా బ్లో డ్రయర్‌తో సాగదీసి పొడవు సమం చేయాలి. సాగదీసి సమం చేసిన జుట్టు, స్ప్రింగుల్లోకి వెళ్లాక సమంగా కనిపించకపోవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు, అందుకే ముందే అడగాలి. ఇంకో సంగతి, ప్రతి మలుపు దగ్గరా ఈ వెంట్రుక బలహీనంగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు దువ్వెనతో లాగితే తెగిపోతుంది. చిక్కు తీయడం ముందు రోజే, కండిషనర్ రాసి, వేళ్లతో, చివర్ల నుంచి పైకి తీసుకోవాలి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. స్మూతెనింగ్, స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న వాళ్లకి కుదుళ్ల నుంచి కొత్తగా ఉంగరాలు వస్తుంటాయి, కింద సాఫుగా ఉంటుంది. ఆ సాఫు భాగం ఎంత కడిగినా మళ్లీ తిరగదు. కొత్త జుట్టు పెరిగేకొద్దీ దాన్ని కొంచెం కొంచెంగా కత్తిరించుకోవడమే దారి. మీ రింగు కొలత తీసుకోవాలంటే కొత్తగా వచ్చిన భాగం మీదే తీసుకోండి.

సరే, ఈసారి సెలూన్‌కి వెళ్లినప్పుడు ఏం చేయాలి? ముందు రోజు తల కడుక్కోండి. జడ, క్లిప్పు లేకుండా, నూనె లేకుండా జుట్టు వదిలేసి వెళ్లండి. మీ అసలు ఆకారం వాళ్లకి కనిపించాలి. "రెండు ఇంచులు తీయండి", "యూ కట్ చేయండి" అనొద్దు. అద్దం ముందు వేలు పెట్టి, "ఆరాక ఇక్కడికి రావాలి" అని చూపించండి. "పొడిగా చేస్తారా, తడిగా చేస్తారా?" అని అడగండి. తడిగానే చేస్తామంటే, ఉంగరాల వాళ్లు "ఇప్పుడు ఎక్కువ ఉంచండి, ఆరాక మిగతాది తీద్దాం" అని చెప్పండి. ఆరేదాకా కుర్చీలోంచి లేవకండి.

ఇలా చెప్పినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రోజు ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించి ఉంటే నేనూ ఏమీ అనుకునేదాన్ని కాదు. అసలు అడగాల్సింది నేనే.

మీ పాయ తడిగా ఎంత, ఆరాక ఎంత వచ్చిందో కొలిచి కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని తీసుకుని, ఏ కట్‌కి ఎంత ఉంచాలో లెక్క వేసి చూపిస్తాను. ఉంటాను మరి.