‘అన్నాడు’ చాలని చోట



మా మాస్టారు కథను కళ్లతో చదవనిచ్చేవారు కాదు, పైకి చదివించి వినేవారు. సంభాషణ దగ్గర గొంతు మారకపోతే ఆపి, ‘వాడు ఎలా అన్నాడో కింద రాసి ఉంది, చూడు’ అనేవారు. ఆయన పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాసానికి ఆ ‘కింద రాసి ఉన్న’ క్రియలనే ఎంచుకున్నాను.

తెలుగులో సాధారణంగా పాత్ర మాట ముందు వస్తుంది. తర్వాత ‘అని’ వస్తుంది. ఎలా అన్నాడో చెప్పే క్రియ అన్నిటికంటే చివర వస్తుంది. అప్పటికే పాఠకుడు ఆ మాటను ఏదో ఒక గొంతుతో చదివేసి ఉంటాడు. చివరి క్రియ ఆ గొంతుతో కలవకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవాలి. కాబట్టి మాటకు పొసగని భావాన్ని క్రియ ఒక్కటే తెచ్చిపెట్టలేదు.

గొంతు తగ్గించి మాట్లాడే నాలుగు తీరులు చూద్దాం: గొణగడం, సణగడం, నసగడం, గుసగుసలాడడం. చప్పుడు నాలుగింటా తక్కువే. మాట ఎవరికి వినబడాలన్న దగ్గరే తేడా వస్తుంది. గొణిగేవాడికి అసంతృప్తి ఉంది కానీ ఎదురు చెప్పే ధైర్యమో, వీలో లేదు. మాట పెదవులు దాటినా ఎదుటివారిని చేరనక్కర్లేదు. సణిగే మనిషి మాట మాత్రం ఎదుటివారికి వినబడాలి. పైగా అది ఒక్కసారితో ఆగదు, ఆగితే దాన్ని సణుగుడు అనం. నసిగేవాడు ఎదుటివారితోనే మాట్లాడుతున్నాడు, చెప్పాల్సింది మాత్రం చెప్పడం లేదు. మొహమాటమో, దాపరికమో అడ్డుపడుతోంది. గుసగుసలో మాట స్పష్టంగానే ఉంటుంది. ఒకరు వినాలి, పక్కవారు వినకూడదు. అందులో ఒకరి మీద నమ్మకం, మిగతావారి వల్ల జంకు కలిసి ఉంటాయి.

ఒక వాక్యం పెట్టి చూద్దాం. ఇల్లు కట్టే చోట ఒక కూలీ మేస్త్రీతో ‘రేపు పనికి రాను’ అన్నాడు. ‘గొణిగాడు’ అని రాస్తే మేస్త్రీ అటు తిరిగాక అన్నట్టు. ‘ప్రకటించాడు’ అంటే చుట్టూ నలుగురున్నారు, నిర్ణయం ముందే జరిగిపోయింది, ఇక బతిమాలినా లాభం లేదు. ‘కసిరాడు’ అంటే కథే మారిపోతుంది. కసరడం మామూలుగా పైవాడు కిందివాడి మీదో, సమానుల మీదో చేసే పని. కూలీ మేస్త్రీని కసిరాడంటే ఆ పని పోయినా ఫర్వాలేదనుకునేంత విసిగిపోయాడన్నమాట. ‘నసిగాడు’ మాత్రం ఇక్కడ కుదరదు. నసిగేవాడు అంత సూటిగా అనడు. ‘రేపంటే... ఊళ్లో కాస్త పనుంది... చూస్తాను’ అంటాడు. క్రియను మార్చాలంటే మాటను కూడా మార్చాలి. అలాగే నాలుగు వరుసల మాట రాసి చివర ‘కసిరాడు’ అన్నా నప్పదు. కసురు ఒకటి రెండు ముక్కల్లో తెగిపోతుంది.

తడబడడం దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. భయం వల్ల తడబడవచ్చు, అబద్ధం వల్ల, పట్టలేని సంతోషం వల్ల కూడా తడబడవచ్చు. ఏది కారణమో ముందు వాక్యాలు చెప్పాలి. నత్తి సంగతి వేరు. అది మనిషి మాట తీరు, ఆ క్షణపు మనఃస్థితి కాదు. నత్తిని పిరికితనానికి గుర్తుగా వాడడం అన్యాయం.

ఈ క్రియలేవీ లేకుండా కూడా మనసు తెలుస్తుందనడానికి 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ ఉంది. అది నాటకం. పేరు, దాని పక్కన మాట ఉంటాయి. గిరీశం దబాయిస్తున్నాడో, బుకాయిస్తున్నాడో అతని మాటల్లోనే వినబడుతుంది. కథకుడికి కూడా అదే కొలబద్ద. మాట తన భావాన్ని తానే మోస్తే ‘అన్నాడు’ చాలు. మాట ఒకటి, మనసు ఇంకొకటి అయినప్పుడే ప్రత్యేక క్రియ అవసరం.

చివరిగా నన్ను ఎక్కువ కలతపెట్టే విషయం. ఈ క్రియల్లో మాట్లాడినవారి మనసుతో పాటు, విని చెప్పేవారి మనసు కూడా బయటపడుతుంది. మంచం మీదున్న ముసలి తల్లి ‘ఈ పూట కూడా మందు తేలేదా’ అంటుంది. కొడుకు బయటికొచ్చి ‘అమ్మ సణుగుతోంది’ అంటాడు. ఆమె వైపునుంచి చూస్తే ఆమె అడిగింది, అంతే. అదే మాట తండ్రి అంటే ‘నాన్న మందలించారు’ అంటాం. ఒకే ఫిర్యాదు అధికారం ఉన్నవారి నోట గద్దింపు అవుతుంది, లేనివారి నోట సణుగుడు అవుతుంది. మన కథల్లో కోడళ్లు, ముసలివాళ్లు, పనివాళ్లు ఎన్నిసార్లు గొణిగారో, ఎన్నిసార్లు ‘అన్నారో’ వెతికి చూడమని యువ రచయితలను కోరుతున్నాను. ‘సణిగింది’ అని రాసేముందు, ఆమె ఆ మాట ఎన్నోసారి అంటోందో, మొదటిసారి అన్నప్పుడు ఎవరు విన్నారో తేల్చుకోండి. ఎవరూ వినలేదని తేలితే ‘అడిగింది’ అని రాయండి.