మేనమామ ఇస్తే పన్ను లేదు, మేనమామకు ఇస్తే ఉంది

పెద్దపల్లిలో ఆదాయపు పన్ను గురించి మాట్లాడమంటే నలుగురు కూడా రారేమో అనుకున్నాను. హాలు నిండింది. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

ముందు ఒక అబద్ధాన్ని పక్కన పెడదాం. "గిఫ్ట్ ఇచ్చినోడే కదా సారూ పన్ను కట్టాలె" అని గుమ్మం దగ్గరే ఒకాయన అడిగాడు. అది మీ తాతల కాలం ముచ్చట. 1958లో ప్రధాని నెహ్రూ స్వయంగా బడ్జెట్ చదివి గిఫ్ట్ ట్యాక్స్ తెచ్చారు. అప్పట్లో ఇచ్చినవాడే కట్టేవాడు. ఆ చట్టం కింద వసూలు 1998 అక్టోబర్ 1 నుంచి ఆగిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లపాటు ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినా గిఫ్టు మీద పన్ను లేదు. దాంతో నల్లడబ్బంతా గిఫ్టు వేషం కట్టింది. 2004 సెప్టెంబర్ నుంచి పద్ధతి తిరగబడింది. ఇప్పుడు పన్ను పుచ్చుకున్నవాడి మీద పడుతుంది, అతని ఆదాయంలో కలుస్తుంది.

రెండో అబద్ధం "యాభై వేల దాకా మాఫీ" అనేది. సగమే నిజం. చుట్టాలు కానివాళ్లందరి దగ్గర నుంచి ఏడాది మొత్తంలో వచ్చిన డబ్బును ఒకచోట కూడాలి. 50,000 దాటకపోతే ఏమీ లేదు. దాటితే పైమొత్తానికి కాదు, మొదటి రూపాయి నుంచి అంతా ఆదాయమే. గోదావరిఖనిలో ఒక ఉద్యోగి ఇల్లు కట్టుకున్నాడనుకోండి. దోస్తు దుబాయి నుంచి 40,000 పంపాడు, ఇంకో దోస్తు 10,000 ఇచ్చాడు. సరిగ్గా యాభై వేలు, పన్ను లేదు. గృహప్రవేశం రోజు తోటి ఉద్యోగి ఒకరు 1,116 కట్నం చదివించాడు. ఇప్పుడు మొత్తం 51,116 ఆదాయం. అతను 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి సుమారు 10,632 రూపాయలు కట్టాలి. నవ్వకండి, లెక్క అంతే. గృహప్రవేశమైనా, పుట్టినరోజైనా, అమ్మాయి ఓణీల ఫంక్షనైనా మినహాయింపు లేదు. పండగల్లో చట్టం వదిలేసింది ఒక్క పెళ్లినే. అది కూడా పెళ్లికొడుకు, పెళ్లికూతురు పుచ్చుకున్నదానికే. అమ్మాయి పెళ్లికి తండ్రి స్నేహితులు తండ్రి ఖాతాలో వేసిన డబ్బుకు ఆ రక్షణ లేదు. పంపేవాళ్లకు అమ్మాయి ఖాతా నంబరే ఇవ్వండి.

ఇక చుట్టాలు. ఇక్కడే నాకు ఒళ్లు మండేది. "మాకు చుట్టమే సార్" అని ప్రతివాడూ అంటాడు. మన దగ్గర ఊరంతా చుట్టాలే. చట్టం దగ్గర మాత్రం ఒక జాబితా ఉంది. భార్య లేదా భర్త, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, మీకు నేరుగా పైనున్న తల్లిదండ్రులు, తాతలు, కిందనున్న పిల్లలు, మనవలు, భార్య వైపు అదే నేరు వరస, ఆపైన వీళ్లందరి భార్యలు, భర్తలు. జాబితా అంతటితో అయిపోయింది.

దీన్ని మన ఇళ్లకు పట్టించి చూడండి. మీ సడ్డకుడు ఉన్నాడు, భార్య చెల్లెలి మొగుడు. ఏడాదికోసారి దసరాకు కలుస్తాడు, అప్పుడు కూడా మాటామాటా అనుకుంటారు. ఆయన పది లక్షలిచ్చినా పన్ను లేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిని పెరిగిన పెద్దనాయన కొడుకు లక్ష ఇస్తే మొత్తం ఆదాయం. చట్టం కంటికి అతనూ దుబాయి దోస్తూ ఒక్కటే. వియ్యంకుడు కూడా బయటివాడే. ఆయన మీ కొడుక్కి ఇస్తే అల్లుడికి ఇచ్చినట్టు, పన్ను లేదు. మీ చేతిలో పెడితే ఉంది.

అయితే మేనమామ సంగతి ఇంతకంటే విచిత్రం. కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. బాపు పోయిన పిల్లవాణ్ని మేనమామ సాకాడు, చదివించాడు, వీసాకు డబ్బు కట్టాడు. అప్పుడు మామ ఇచ్చిన ప్రతి పైసా పిల్లవాడికి పన్ను లేని సొమ్మే, తల్లి తోబుట్టువు కాబట్టి. పదిహేనేళ్ల తర్వాత వాడు మస్కట్ నుంచి మామ గుండె ఆపరేషన్‌కు ఐదు లక్షలు పంపాడు. ఇప్పుడు పుచ్చుకున్నది మామ. ఆయన వైపు నుంచి జాబితా చదవండి. అక్క కొడుకు ఎక్కడన్నా ఉన్నాడా? లేడు! ఐదు లక్షలూ ఆయన ఆదాయమే. చుట్టరికాన్ని ఎప్పుడూ పుచ్చుకున్నవాడి వైపు నుంచే చూడాలి. ఇచ్చేవాడికి ఆయన మామే కావచ్చు, లెక్క అటునుంచి కాదు. చిన్నాయనకు, మేనత్తకు కూడా ఇదే గతి. వాళ్లు మీకిస్తే లేదు, మీరు వాళ్లకిస్తే ఉంది.

ముందు వరసలో ఉన్న పెద్దాయన "మేనరికం చేసుకుంటే?" అంటున్నారు. మంచి ప్రశ్న, నేను జోకుగా తీసుకోవడం లేదు. ఆ పిల్లవాడు మామ కూతుర్నే చేసుకుంటే మామకు అతను బిడ్డ మొగుడు అవుతాడు, జాబితాలోకి వచ్చేస్తాడు. పన్ను పోతుంది. దానికోసమని పెళ్లి చేసుకోమని మాత్రం చెప్పను.

చట్టానికి లోబడే ఇంకో దారి ఉంది. కొడుకు తల్లికి ఇస్తే పన్ను లేదు. తల్లి తన తమ్ముడికి ఇస్తే పన్ను లేదు. కానీ ఇది కాగితం మీద నాటకం కాకూడదు. పొద్దున తల్లి ఖాతాలో పడి మధ్యాహ్నం మామ ఖాతాకు పోయిన ఐదు లక్షలను చూసిన అధికారి, అసలు ఇచ్చిందెవరని అడుగుతాడు. ఆ డబ్బు తల్లిది కావాలి, ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం కావాలి. కొడుకు ఆమెకిచ్చినట్టు ఒక కాగితం, ఆమె తమ్ముడికిచ్చినట్టు ఇంకో కాగితం ఉండాలి. ఆపరేషన్ రేపే అయితే కొడుకే నేరుగా ఆసుపత్రి బిల్లు కడితే పన్ను తప్పుతుందా అని అడుగుతారు. అది కూడా ఆయనకు ఇచ్చినట్టే కదా అని వాదించడానికి చోటుంది. మీ ఆడిటర్‌ను ముందే అడగండి, తర్వాత కాదు.

టైమ్ చూపిస్తున్నారు. త్వరగా చెప్పేస్తాను.

ప్లాట్లు. స్నేహితుడు ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన ప్లాటుకు రిజిస్ట్రేషన్ విలువ 12 లక్షలైతే, ఆ ఏడు మీ ఆదాయంలో 12 లక్షలు కలుస్తాయి, చేతికి రూపాయి రాకపోయినా. సొంత అన్న రాసిస్తే ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే స్టాంపు డ్యూటీ వేరే చట్టం, వేరే లెక్క. దాన్ని దీంతో కలపకండి.

నగదు. తండ్రి ఇచ్చినా సరే, ఒకే సందర్భానికి ఒకే మనిషి నుంచి 2 లక్షలు గానీ ఆపైన గానీ నోట్ల రూపంలో పుచ్చుకోకూడదు. గిఫ్టు మీద పన్ను లేకపోయినా, పుచ్చుకున్నంత మొత్తం జరిమానా వేయొచ్చు. మూడు రోజులు విడగొట్టి తీసుకున్నా సందర్భం ఒకటే. బ్యాంకు ద్వారానే రానివ్వండి.

చేబదులు గిఫ్టు కాదు. దోస్తు దగ్గర నిజంగా అప్పే తీసుకుంటే అప్పనే రాసుకోండి, తిరిగి కట్టండి, 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోకండి. "గిఫ్ట్ అని రాయండి సార్, సులువు" అనేవాళ్ల మాట వింటే లేని పన్ను నెత్తికెక్కుతుంది.

2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది కదా, ఇవన్నీ మారాయా అని చీటీ పంపారు. సెక్షన్ల నంబర్లు మారాయి. పెద్దనాయన కొడుకు ఇంకా బయటే ఉన్నాడు.

చివరి చీటీ. స్నేహితుడు వీలునామాలో ఇల్లు రాసిపోతే? పన్ను లేదు. వీలునామా ద్వారా వచ్చినదానికి చుట్టమా, దోస్తా అన్న ప్రశ్నే లేదు.