బిల్లులో ఒక్కో పద్దు ఎట్లా రాయాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రూపు లీడరు మాట్లాడిన మాటలు)



ఈ సంవత్సరం మన గ్రూపులు చాలా వరకు బయటివాళ్లకు పని చేసిపెట్టినయి. శిక్షణలకు వంటలు చేసినం, సంచులు కుట్టినం, బడి పిల్లల బట్టలు కుట్టినం. పని ఎట్లా చేయాలో మీకు నేను చెప్పేది లేదు. పని అయినాక డబ్బు కోసం రాసే బిల్లు గురించి చెప్పమని సీసీ గారు నన్ను నిలబెట్టారు. నాది పదో తరగతి చదువు. అకౌంట్స్ పరీక్షలేవీ నేను రాయలేదు. కానీ రెండు మూడేళ్లుగా గ్రూపుల బిల్లులు పంపేముందు నా దగ్గరకు వస్తున్నయి కాబట్టి ఎక్కడ ఆగుతున్నయో తెలిసింది.

ఒక్క బిల్లు తీసుకొని చెప్తాను. మన మండలంలోనే ఒక గ్రూపు, అయిదుగురు అక్కలు, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ల మూడు రోజుల శిక్షణకు వంట ఒప్పుకున్నారు. జూలై 8, 9, 10 తేదీలు. రోజుకు 60 మంది. అల్పాహారం మనిషికి 40 రూపాయలు, మధ్యాహ్న భోజనం 100, టీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి 15. అంటే మనిషికి రోజుకు 170. రవాణా విడిగా, అయిన ఖర్చు రసీదు పెట్టి తీసుకోవాలి. సంఖ్య మారితే ముందు రోజు సాయంత్రం 6 గంటల లోపు సంస్థవాళ్లు చెప్పాలి. ఇదంతా ఆర్డరు కాగితంలో రాసే ఉంది.

వంట బాగా చేశారు. తిన్నవాళ్లు మెచ్చుకున్నారు. తర్వాత బిల్లు పంపారు. అందులో రెండే పద్దులు ఉన్నయి: "ట్రైనింగ్ మీల్స్, టిఫిన్, టీ – 31,280" అని ఒకటి, "ఇతరములు – 2,100" అని ఇంకొకటి. మొత్తం 33,380 రూపాయలు.

ఆ బిల్లు ఏడు వారాలు కదలలేదు. కిరాణా కొట్టులో అప్పు అట్లనే ఉంది. ఒక అక్క కూతురి కాలేజీ ఫీజు కోసం గ్రామ సమాఖ్యలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంది, ఈ కూలి వస్తే కడదామని. ఫోన్ చేస్తే శిక్షణ పెట్టించిన సారు "మీరు బాగా చేశారమ్మా, నేను సంతకం పెట్టి పంపాను, అకౌంట్స్ వాళ్లే చూడాలి" అన్నాడు. ఆ సారు చెప్పింది అబద్ధం కాదు. మనం అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే ఉంది. మన అన్నం తిన్న మనిషి వేరు, డబ్బు వేసే మనిషి వేరు. డబ్బు వేసే మనిషి హైదరాబాదులో కూర్చుంటాడు. భద్రాచలం ఎప్పుడూ చూసి ఉండడు. ఆయన ముందు మూడు కాగితాలు ఉంటయి: వాళ్లు ఇచ్చిన ఆర్డరు, పని జరిగిందని చూపే కాగితం, మన బిల్లు. మన పనిలో రెండో కాగితం అంటే హాజరు పట్టీ. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి కలుస్తున్నయా లేదా చూడటమే ఆయన ఉద్యోగం.

ఆయన ఎట్లా చూశాడో లెక్క వేద్దాం. హాజరు పట్టీలో మొదటి రోజు 58 సంతకాలు, రెండో రోజు 64, మూడో రోజు 51. మొత్తం 173. దాన్ని 170తో గుణిస్తే 29,410. మన బిల్లులో 31,280. తేడా 1,870. ఎందుకు ఎక్కువో బిల్లులో ఒక్క ముక్క లేదు. ఆర్డరు ప్రకారం చూద్దామంటే రోజుకు 60 చొప్పున 180 మంది, 30,600. అది కూడా కలవదు. ఇక "ఇతరములు" అన్నదానికి ఏ కాగితమూ లేదు. ఆయన పక్కన పెట్టేశాడు. నేనైనా పెట్టేదాన్నే.

నిజానికి గ్రూపు ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. మొదటి రోజు 60 మందికి వండితే 58 మంది వచ్చారు. రెండో రోజుకు నలుగురు ఎక్కువ వస్తారని ముందు రోజు సాయంత్రమే ఫోన్ వచ్చింది, 64 మందికి వండారు. మూడో రోజు తెల్లవారుజామున వాన పడి వాగు పొంగింది, అవతలి ఊళ్ల వాళ్లు రాలేకపోయారు. 51 మందే వచ్చారు గానీ అప్పటికే 60 మందికి బియ్యం పొయ్యి మీద ఉన్నయి. అంటే 60, 64, 60. కలిపితే 184. దాన్ని 170తో గుణిస్తే 31,280. సరిగ్గా సరిపోయింది. కాకపోతే ఆ 184 అన్న అంకె అక్కల తలలో ఉంది, బిల్లులో లేదు.

"ఇతరములు" సంగతి అడిగితే అందులో రెండు వేరు వేరు ఖర్చులు బయటపడ్డయి. వంట సామాను, గిన్నెలు శిక్షణ హాలుకు తీసుకుపోయిన ఆటో, రోజుకు 600 చొప్పున 1,800. రెండో రోజు 30 మంది ఊళ్లు చూడటానికి పోతే వాళ్ల భోజనం విస్తరాకులో కట్టి పంపారు, పొట్లానికి 10 రూపాయలు ఎక్కువ, 300.

అప్పుడు ఆ అక్కలతో కూర్చొని బిల్లు తిరగరాసినం. మొత్తంలో పైసా మార్చలేదు. రెండో రోజుది చదువుతాను, అన్ని రకాలూ అందులోనే ఉన్నయి.

జూలై 9, రెండో రోజు, అల్పాహారం, 64 మంది × 40 = 2,560
జూలై 9, మధ్యాహ్న భోజనం, హాలులో వడ్డించినవి, 34 × 100 = 3,400
జూలై 9, మధ్యాహ్న భోజనం, గ్రామ సందర్శనకు పొట్లాలు కట్టి పంపినవి, 30 × 110 = 3,300
జూలై 9, టీ, ఉదయం 64, సాయంత్రం 64, మొత్తం 128 × 15 = 1,920
(ఆర్డరు సంఖ్య 60; 64కు పెంచమని జూలై 8 సాయంత్రం ఫోన్‌లో చెప్పినవారు శిక్షణ సమన్వయకర్త; హాజరు పట్టీలో 64)

ఆ రోజుకు 11,180. మొదటి రోజు, మూడో రోజు ఒక్కోటి 10,200. ఆటో 1,800. కలిపితే అదే 33,380.

మూడో రోజు పద్దు కింద ఇట్లా రాసినం: "ఆర్డరు సంఖ్య 60. జూలై 9 సాయంత్రం 6 లోపు మార్పు చెప్పలేదు. 60 మందికి వండినాము. వాగు పొంగినందున హాజరు 51." మొదటి రోజు కింద కూడా ఇదే తీరు, హాజరు 58 అని. ఇక్కడ ఒక అక్క అడిగింది, "51 అని మనమే రాసి ఇస్తే 51కే డబ్బు ఇస్తారు కదా, ఎందుకు రాయాలి" అని. ఆ 51 ఆయన ముందున్న పట్టీలో ఉండనే ఉంది. మనం రాయకపోతే దొంగ లెక్క అనుకుంటాడు. మనమే రాసి, ఆర్డరులో ఉన్న 6 గంటల షరతు పక్కన పెడితే, 60కి ఎందుకు వేసినమో ఆయనకు అక్కడే తెలుస్తది. ఆర్డరులో ఆ షరతే లేకపోతే మాత్రం ఎంత బాగా రాసినా 51కే వస్తది. అది బిల్లు రాసేనాడు చేసే పని కాదు, ఒప్పుకునేనాడు చేసే పని.

ఇంకొకటి గమనించండి. ముందు బిల్లులో "మీల్స్, టిఫిన్" అని ఉండె. ఆర్డరులో "మధ్యాహ్న భోజనం, అల్పాహారం" అని ఉంది. మనకు రెండూ ఒకటే. కలిపి చూసేవాడికి అదే మాట కనపడితే వేలు పెట్టి టిక్ కొడతాడు. అందుకని ఆర్డరులో ఉన్న మాటనే, అదే వరసలో రాయాలి. మన మాట చెప్పాలనుంటే తర్వాత చేర్చుకోవచ్చు: "అల్పాహారం – ఇడ్లీ, రాగి జావ" అని. కొలత కూడా అంతే. ఆర్డరు "మంది" లెక్కన ఉంటే బిల్లు "ప్లేట్లు" లెక్కన రాయొద్దు. బట్టలు కుట్టే గ్రూపులకు ఇది ఎక్కువ పనికొస్తది. బడిలో ఉన్న పట్టిక తరగతి వారీగా, ఆడపిల్లలు మగపిల్లలు వేరుగా ఉంటది. మన బిల్లులో "యూనిఫాం కుట్టుకూలి, ఇన్ని జతలు" అని ఒకే అంకె వేస్తే, నాలుగు జతలు తేడా వచ్చినా ఏ తరగతిలో తేడా వచ్చిందో ఎవరికీ తెలియదు, మొత్తం బిల్లు ఆగుతది. తరగతి వారీగా రాస్తే ఆ ఒక్క పద్దు ఆగుతది, మిగతాది పోతది.

ఆటో సంగతి. మన ఆటో తమ్ముళ్ల దగ్గర రసీదు పుస్తకం ఎక్కడిది? వోచరు రాసినం: ఆటో నంబరు, ఏ రోజు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం సామాను, 600, డ్రైవరు సంతకం. మూడు రోజులకు మూడు. ఆ వోచర్లు తిరగరాసిన రోజే రాసినం కాబట్టి ఆ రోజు తేదీనే వేసినం, ప్రయాణం జరిగిన తేదీ లోపల రాసినం. పాత తేదీ వేయొద్దు. పోయిన రోజే రాయించుకుంటే ఈ తిప్పలే ఉండదు.

కొందరు సలహా చెప్తారు, "ఆటో డబ్బు భోజనంలో కలిపి వేసేయండి, ఎవరు చూస్తారు" అని. చూస్తారు. భోజనం 100 అని ఆర్డరులో ఉంటే 110 వేసిన పద్దు కలవదు. 100కే ఉంచి మంది సంఖ్య పెంచితే అది హాజరుతో కలవదు, పైగా తినని మనిషిని తిన్నాడని రాసినట్టు. ఆటోను ఆటో అనే రాయాలి.

పంపేముందు నేను చేసే పరీక్ష ఒకటే. ఆ వంటకు పోని, ఆ సంగతి ఏమీ తెలియని ఒక అక్కకు బిల్లు, ఆర్డరు, హాజరు పట్టీ, వోచర్లు ఇస్తాను. ఒక్కో పద్దు మీద వేలు పెట్టి "ఇది ఏ కాగితంలో ఉంది" అని అడుగుతాను. చూపలేకపోయిన పద్దు దగ్గర ఆగి సరిచేస్తాం. ఆమె నన్ను "ఇదేందక్కా" అని అడగాల్సి వచ్చిందంటే, హైదరాబాదులో ఆయనకు అడగడానికి నేను పక్కన ఉండను కదా.

తిరగరాసిన బిల్లు పంపేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కొత్త నంబరుతో ఊరికే ఇంకో బిల్లు పంపితే, ఒకే పనికి రెండుసార్లు అడిగినట్టు కనపడి రెండూ ఆగుతయి. కొత్త బిల్లు పైన "ఫలానా నంబరు, ఫలానా తేదీ బిల్లుకు బదులుగా, అది రద్దు" అని రాసినం. బిల్లు పుస్తకంలో పాతదాని నకలు మీద అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి అట్లనే ఉంచినం, చింపలేదు. ఆడిట్ అప్పుడు నంబర్లు వరసగా ఉండాలి.

రెండు వారాల లోపే డబ్బు పడింది. 33,080. పొట్లాల మీద ఎక్కువ వేసిన 300 ఆపారు. ఎందుకంటే పొట్లానికి 110 అన్న ధర ఆర్డరులో లేదు, ఒప్పుకున్నట్టు ఒక్క కాగితమూ లేదు, సారు నోటితో చెప్పిందే. ఆ పద్దు విడిగా ఉండబట్టి 300 ఒక్కటే ఆగింది. ఆ సారును అడిగి రెండు లైన్ల ఒప్పుదల మెసేజ్ తెప్పించి పంపారు, ఇంకా రాలేదు. ఆ గ్రూపు ఇప్పుడు పొట్లాల ధర ముందే ఆర్డరులో రాయించుకుంటున్నది.